బీక్రిప్ట్ గడియ పెట్టినా దొడ్డిదారి తెరిచే ఉంది

2015 ఆగస్టులో కెనడాకు చెందిన యాష్లీ మాడిసన్ అనే డేటింగ్ సైట్ డేటా మొత్తం దొంగల చేతిలోంచి ఇంటర్నెట్‌లోకి వచ్చిపడింది. అందులో దాదాపు 3.6 కోట్ల పాస్‌వర్డ్‌లు బీక్రిప్ట్ పద్ధతిలో దాచి ఉన్నాయి. అవి ఇప్పట్లో తేలవని చాలామంది అనుకున్నారు. మరుసటి నెలలోనే సైనోష్యూర్ ప్రైమ్ అనే బృందం కోటీ పది లక్షలకు పైగా పాస్‌వర్డ్‌లను బయటపెట్టింది. అయినా ఓడిపోయింది బీక్రిప్ట్ కాదు.

బాధ్యత తెలిసిన సైట్ ఏదీ పాస్‌వర్డ్‌ను ఉన్నదున్నట్టు రాసిపెట్టుకోదు. దాన్ని లెక్కలో వేసి, వెనక్కి తిప్పలేని అక్షరాల వరుసగా మారుస్తుంది. దాన్నే హ్యాష్ అంటారు. మీరు లాగిన్ అయినప్పుడు మళ్లీ అదే లెక్క చేసి, రెండూ ఒకటేనా అని చూస్తుంది. చిక్కేమిటంటే `123456`ను ఎండీ5 లెక్కలో ఎవరు వేసినా, ఎక్కడ వేసినా వచ్చేది ఇదే:

```
e10adc3949ba59abbe56e057f20f883e
```

అందుకే దొంగలు కోట్ల పాస్‌వర్డ్‌లకు ముందే హ్యాష్‌లు కట్టి పట్టికలు తయారుచేసుకుంటారు. 2012లో లింక్డిన్ నుంచి పోయిన హ్యాష్‌లకు ఈ విషయంలో ఏ రక్షణా లేదు. దీనికి విరుగుడే సాల్ట్, అంటే ఉప్పు. ఒక్కో ఖాతాకు ఒక్కో యాదృచ్ఛిక అక్షరాల గుచ్ఛాన్ని పాస్‌వర్డ్‌కు కలిపి హ్యాష్ చేస్తారు. ఆ సాల్ట్ రహస్యమేమీ కాదు, హ్యాష్ పక్కనే ఉంటుంది. అయితే ఇద్దరి పాస్‌వర్డ్ ఒకటే అయినా హ్యాష్‌లు వేరవుతాయి. పట్టికలు పనికిరావు, ఒక్కో ఖాతాపై విడిగా కుస్తీ పట్టాల్సిందే.

కానీ ఆ ఒక్క ఖాతాపై పడే దొంగ వేగాన్ని సాల్ట్ తగ్గించలేదు. ఎండీ5ను తయారుచేసిందే వేగం కోసం. ఆర్‌టీఎక్స్ 4090 అనే ఒక్క గేమింగ్ గ్రాఫిక్స్ కార్డు సెకనుకు సుమారు 16,000 కోట్ల ఎండీ5 ఊహలు పరీక్షిస్తుంది. 1999లో నీల్స్ ప్రోవోస్, డేవిడ్ మాజియెర్ రూపొందించిన బీక్రిప్ట్ కావాలనే నెమ్మదిగా నడుస్తుంది. సాల్ట్ అందులోనే ఉంటుంది, శ్రమ ఎంతో చెప్పే అంకె కూడా ఉంటుంది. ఆ అంకె 12 అయితే లోపలి పనిని 4,096 సార్లు తిప్పాలి, 13 చేస్తే అది రెట్టింపు. 12 దగ్గర అదే కార్డు సెకనుకు దాదాపు 1,400 ఊహలకే అలసిపోతుంది. లాగిన్ అయ్యే మనిషికి మాత్రం సెకనులో కొంత భాగమే ఆలస్యం.

యాష్లీ మాడిసన్ వాడింది ఆ 12నే. అయితే దాదాపు కోటిన్నర ఖాతాలకు అదే డేటాలో లాగిన్ టోకెన్ ఒకటి విడిగా ఉంది. దాన్ని కట్టిన ఒక తీరు ఇదీ:

```
md5(lc($username)."::".lc($pass))
```

యూజర్‌నేమ్ ఇక్కడ సాల్ట్ పనే చేస్తోంది. అయినా ఎండీ5 వేగం ముందు నిలవలేదు. పైగా `lc` పాస్‌వర్డ్‌లోని పెద్ద అక్షరాలను చిన్నవి చేసి పని ఇంకా తేలిక చేసింది. బృందం ముందు టోకెన్‌ను ఛేదించి, దొరికిన మాటలో చిన్న, పెద్ద అక్షరాల కూర్పులను మాత్రమే బీక్రిప్ట్ హ్యాష్‌తో సరిచూసుకుంది.

ఇంతకీ `123456` పెట్టుకున్నవారిని బీక్రిప్ట్ కూడా కాపాడలేదు, అది మొదటి ఊహల్లోనే ఉంటుంది. ఇక పాస్‌వర్డ్ మర్చిపోయానంటే మీ పాత పాస్‌వర్డ్‌నే మెయిల్‌లో పంపే సైట్ అసలు హ్యాషే చేయడం లేదని అర్థం. అక్కడ వాడిన పాస్‌వర్డ్ మరెక్కడైనా ఉంటే ఈరోజే మార్చేయండి.