75 శాతం హాజరు: లెక్క ఎక్కడ తప్పుతుంది?

ఆంధ్రప్రదేశ్‌లో నిన్నటి అమ్మ ఒడికైనా, 2025లో మొదలైన తల్లికి వందనానికైనా పిల్లల హాజరు 75 శాతం ఉండాలన్నది షరతు. సీబీఎస్‌ఈ పది, పన్నెండు తరగతుల పరీక్షలకూ అదే గీటురాయి. ఆ గీతకు కాస్త ఇటూ అటూ ఉన్న పిల్లల విషయంలో మాత్రం లెక్క కట్టే పద్ధతిని బట్టి ఫలితమే మారిపోతుంది. అందుకే ఆ శాతం ఎలా వస్తుందో తల్లిదండ్రులకూ తెలియాలి.

మన బళ్లలో హాజరు రెండు పూటలా వేస్తారు. పొద్దున వచ్చిన పిల్లకు రిజిస్టరు గడిలో ఒక ఏటవాలు గీత పడుతుంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక కూడా తరగతిలో ఉంటే, దాని మీదుగా రెండో గీత పడి ఇంటూ గుర్తవుతుంది. అది నిండు రోజు. ఒక్క గీతే ఉంటే అర రోజు. రానివాళ్లకు ‘ఎ’ అని రాస్తారు. రాని పిల్ల గడిని ఖాళీగా వదిలేస్తే, పిల్ల రాలేదా, టీచరు హాజరు వేయడం మరిచారా అన్నది వారం తిరిగాక ఎవరూ చెప్పలేరు. నా దృష్టిలో హాజరు పట్టీలో అన్నిటికన్నా చెడ్డది ఆ ఖాళీ గడే.

పేజీ అడుగున ఏ రోజుకారోజు ఎంతమంది వచ్చారో వేస్తారు. నెలాఖరున ఆ వరుస చాలా ఉపయోగపడుతుంది. ఒక్కో పిల్ల పేరుకు ఎదురుగా ఉన్న హాజరును అడ్డంగా కూడి, అందరి మొత్తం తీయాలి. అడుగున ఉన్న రోజువారీ సంఖ్యలను కూడా కూడాలి. రెండూ ఒకటే రావాలి. ఒకటి 912, రెండోది 914 వచ్చిందంటే, ఏదో పేరు దగ్గర రెండు రోజులు జారిపోయి ఉండవచ్చు, లేదా ఏదో రోజు మొత్తం తప్పుగా పడి ఉండవచ్చు. అదెక్కడో పట్టుకున్నాకే శాతం జోలికి వెళ్లాలి.

ఇప్పుడు పదో తరగతి పిల్ల ఒకామెను అనుకుందాం. జూన్‌లో బడి 14 రోజులు నడిచింది, ఒక్కరోజు కూడా మానలేదు. జూలైలో 25 పనిదినాలు, జ్వరం వల్ల 16 రోజులే వచ్చింది. ఆగస్టులో 21 పనిదినాలకు 12 నిండు రోజులూ రెండు ఒక్కపూటలూ కలిపి 13 రోజులు. నెలవారీ శాతాలు వరుసగా 100, 64, 61.9. ఈ మూడింటినీ కూడి మూడుతో భాగిస్తే 75.3 వస్తుంది. ఇంట్లోవాళ్లు గండం గడిచిందనుకుంటారు.

కానీ అది తప్పు లెక్క. పద్నాలుగు రోజుల జూన్‌నూ, ఇరవై అయిదు రోజుల జూలైనీ ఒకే తూకం వేశాం. వచ్చిన రోజులన్నీ ఒకపక్క, పనిదినాలన్నీ ఒకపక్క కూడాలి: 60కి 43. అంటే 71.7 శాతం. పిల్ల గీతకు దిగువన ఉంది.

ఎంత దిగువన? అరవైలో 75 శాతం అంటే 45 రోజులు. ఆమెకు తక్కువైనవి రెండు రోజులు. అయితే రెండు రోజులు వస్తే సరిపోదు, ఎందుకంటే బడి నడిచిన ప్రతి రోజూ పనిదినాల మొత్తం కూడా పెరుగుతుంది. వరుసగా ఎనిమిది రోజులు వస్తేనే 68కి 51 అయి, సరిగ్గా 75 తాకుతుంది. ఈ షరతుకు గుర్తుంచుకోదగ్గ సూత్రం ఇదే: తగ్గిన రోజులకు నాలుగు రెట్లు ఎడతెగకుండా రావాలి. ఏడాదికి 220 పనిదినాలుంటే మొత్తం 55 రోజులు మానవచ్చు. ఈమె ఆగస్టుకే 17 వాడేసింది, మిగిలినవి 38.

మెడికల్ సర్టిఫికెట్ ఇస్తే ఆ రోజులు హాజరుగా మారతాయని చాలామంది నమ్ముతారు. మారవు. రిజిస్టర్లో ‘ఎ’ అలాగే ఉంటుంది. సర్టిఫికెట్ పనికొచ్చేది మినహాయింపు కోరడానికి. తీవ్రమైన జబ్బు, జాతీయ స్థాయి క్రీడల వంటి కారణాలకు సీబీఎస్‌ఈ మినహాయింపు ఇస్తుంది. దానికి సెలవు చీటీ, డాక్టరు కాగితం అప్పటికప్పుడు బడిలో ఇచ్చి ఉండాలి. ఏడాది చివర్లో పాత తేదీలతో తెచ్చిన కాగితాలతో పని జరగడం కష్టం.

అందుకే నెలనెలా బడి నుంచి శాతం ఒక్కటే తెలుసుకుని ఊరుకోకండి. జూన్ నుంచి ఇప్పటిదాకా పనిదినాలెన్ని, మా అమ్మాయి వచ్చినవెన్ని అని ఆ రెండు అంకెలూ అడిగి రాసుకోండి. తేడా ఉంటే ఆ నెలలోనే టీచరును కలిసి రిజిస్టరు చూపించమనండి.