రాజీ సొమ్మా, ట్రిబ్యునల్ తీర్పా?

రోడ్డు ప్రమాదంలో కాలు విరిగి మంచాన పడ్డ మనిషికి కొన్ని వారాల్లోనే బీమా కంపెనీ నుంచి కబురు రావచ్చు. మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణ 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం కంపెనీ అధికారి 30 రోజుల్లో రాజీ మొత్తం ప్రతిపాదించవచ్చు. ఇంట్లో అప్పులు, ఆస్పత్రి బిల్లులు. ఆ సమయంలో వచ్చే డబ్బు దేవుడిచ్చినట్టే ఉంటుంది. కానీ అప్పటికి కాలు కట్టు కూడా విప్పి ఉండరు!

ఒక ఉదాహరణ చూద్దాం. గుంటూరు దగ్గర 35 ఏళ్ల తాపీమేస్త్రీ. నెలకు 15 వేల సంపాదన. తొడ ఎముక విరిగి రాడ్ వేశారు. కంపెనీ 7 లక్షలు ఇస్తామంది.

ఆ ఏడు లక్షలు ఎలా వచ్చాయి? ఆదాయానికి రుజువు లేదని నెలకు 10 వేలే లెక్కేశారు. సొంతంగా పని చేసుకునే, 40 ఏళ్లు దాటని వారికి భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలుపుతారు కాబట్టి అది 14 వేలైంది. ఏడాదికి 1,68,000. ఆ వయసుకు సుప్రీంకోర్టు ఖరారు చేసిన గుణకం 16. వైకల్యం 15 శాతమేనని పట్టుకుంటే సుమారు 4 లక్షలు. బిల్లులకు 2 లక్షలు, పని పోయిన ఆరు నెలలకు 60 వేలు, బాధకు 40 వేలు కలిపితే ఏడు.

అదే లెక్క మేస్త్రీ వైపు నుంచి వేస్తే? ఆదాయం 15 వేలు, వైకల్యం 30 శాతం అయితే ఒక్క ఆ పద్దు కిందే 12 లక్షలు దాటుతుంది. మిగతావి కలిస్తే సుమారు 16 లక్షలు. సూత్రం ఒకటే. తేడా అంతా ఆదాయం, వైకల్యం అనే రెండు అంకెల్లో ఉంది.

ఆ రెండో అంకె తొందరగా తేలదు. ఎముక అతుక్కోకపోతే మళ్లీ ఆపరేషన్ తప్పదు. పైగా డాక్టర్ రాసిన శాతం, సంపాదనలో నష్టం ఒకటి కావని సుప్రీంకోర్టు 2010లో రాజ్ కుమార్ కేసులో స్పష్టం చేసింది. కాలికి రాసిన శాతం ఒళ్లంతటికీ వర్తించదని కంపెనీ వాదిస్తుంది. అది న్యాయమే. కానీ మేస్త్రీ గొంతుక్కూర్చుని టైల్స్ పరచలేకపోతే, పరంజా ఎక్కలేకపోతే అతని నష్టం కాగితం మీది శాతాన్ని మించిపోతుంది. కూర్చుని పనిచేసే గుమాస్తాకు అదే గాయం అంత నష్టం చేయదు. వైద్యం చేసిన డాక్టర్ సాక్ష్యం ఇక్కడే కీలకం.

ట్రిబ్యునల్‌కు వెళితే 16 లక్షలు వచ్చేస్తాయా? రాకపోవచ్చు. ఆదాయం 12 వేలుగా, వైకల్యం 25 శాతంగా తీసుకుంటే అన్నీ కలిపి పదకొండున్నర లక్షల దగ్గర ఆగుతుంది. మేస్త్రీ తప్పూ కొంత ఉందని 20 శాతం కోస్తే మిగిలేది 9 లక్షల చిల్లర. పిటిషన్ వేసిన నాటి నుంచి వడ్డీ వస్తుంది కాబట్టి, మూడేళ్లకు 7 శాతం చొప్పున దాదాపు 2 లక్షలు కలుస్తాయి. కంపెనీ హైకోర్టుకు వెళితే ఇంకా జాప్యం. కాబట్టి ఇప్పుడే చేతికి వచ్చే తొమ్మిది, పది లక్షలు తీసుకోదగ్గవే. ఏడు మాత్రం తక్కువ. రెండు దారుల్లోనూ వకీలు ఫీజు ఎంతో ముందే అడిగి, అది తీసేశాక మిగిలేదాన్నే పోల్చాలి.

వేచి చూస్తే గడువు దాటిపోతుందన్న భయం సహజం. సవరించిన చట్టం ఆరు నెలల్లోగా పిటిషన్ వేయాలంటోంది. అందుకే ముందు ఓపీ వేసేయాలి. ఓపీ వేసినంత మాత్రాన రాజీ దారి మూసుకుపోదు. తీర్పు వచ్చేలోపు ఎప్పుడైనా లోక్ అదాలత్‌లో మాట్లాడుకోవచ్చు. వైద్యం ముగిసి, వైకల్య ధ్రువపత్రం చేతికొచ్చాక కూర్చుంటే బేరానికి బలం ఉంటుంది. మేస్త్రీకి పని ఇచ్చిన కాంట్రాక్టర్ సాక్ష్యం, కూలీ జమైన బ్యాంకు పాస్‌బుక్ ఉంటే ఆదాయం మీద కంపెనీ వాదన పలచబడుతుంది. ప్రమాదం నాటికి తనకు లైసెన్సు లేకపోయినా, బండి మీద ముగ్గురున్నా మాత్రం రాజీ వైపే మొగ్గడం మేలు.

ఒక్కటి గుర్తుంచుకోండి. లోక్ అదాలత్ అవార్డుపై అప్పీలు లేదు. రేపు రాడ్ వంగినా, కాలు కుంటిదైనా ఆ ఫైలు మళ్లీ తెరవరు. డాక్టర్ ‘ఇక ఇంతే’ అని చెప్పేదాకా సంతకం పెట్టకండి.