రాగి తీగలో ఎలక్ట్రానుల నడక

విద్యుత్తు అంటే మెరుపు; ఉర్దూలో బిజ్లీ అన్నా మెరుపే. ఈ పేర్ల మూలంగానే కాబోలు, స్విచ్చి వేయగానే ఎలక్ట్రానులు మెరుపువలె పరుగెత్తి మోటారును చేరుకొంటాయని మనలో చాలామంది భావిస్తారు. నిజానికి తీగ వెంట వాటి నడక నత్తనడకకన్న మెల్లనిది. ఆ నడకకు కలిగే అడ్డంకినే మనం నిరోధం అంటున్నాము.

ఒక ఉదాహరణ తీసికొందాము. తాడేపల్లి పరిసరాలలోని ఒక మిరపచేనిలో స్తంభానికి నూరు మీటర్ల దూరాన బోరు ఉన్నదనుకొందాము. దానికి 230 వోల్టుల సింగిల్ ఫేజు మోటారు, అది నడిచేటప్పుడు తీసికొనే విద్యుత్ ప్రవాహం 10 ఆంపియర్లు, తీగ 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ.

ఒక ఘనమీటరు రాగిలో సుమారు 8.5 × 10²⁸ స్వేచ్ఛా ఎలక్ట్రానులు ఉంటాయి. ఇవి అన్ని దిక్కులకూ సెకనుకు సుమారు 16 లక్షల మీటర్ల వేగంతో పరుగులు తీస్తూనే ఉంటాయి. కాని ఏ దిక్కుకు ఎన్ని పోతాయో ఎదురు దిక్కుకూ అన్నే పోతాయి కనుక ప్రవాహం శూన్యం. వోల్టేజి కల్పించినప్పుడు ఈ గందరగోళపు పరుగుపై ఒక దిక్కుకు స్వల్పమైన జరుగుబాటు ఏర్పడుతుంది. అదే డ్రిఫ్టు వేగం.

v = I/(nAe)

ఇందు I విద్యుత్ ప్రవాహం, n ఘనమీటరులోని స్వేచ్ఛా ఎలక్ట్రానుల సంఖ్య, A తీగ మధ్యచ్ఛేద వైశాల్యం, e ఎలక్ట్రాను ఆవేశం, అనగా 1.6 × 10⁻¹⁹ కూలుంబులు. మన ఉదాహరణలోని విలువలను ప్రతిక్షేపిస్తే v సెకనుకు సుమారు 0.29 మిల్లీమీటరు అవుతుంది. ఒకే దిక్కుగా పారే ప్రవాహమైతే ఎలక్ట్రాను స్తంభం నుండి బోరు చేరడానికి నాలుగు రోజులు పడుతుంది. మన సరఫరా 50 హెర్ట్జుల ఏకాంతర ప్రవాహం కనుక అది ఎన్నటికీ చేరదు. ఉన్నచోటనే మిల్లీమీటరులో వెయ్యోవంతుకు రెండు మూడు రెట్ల మేర ఇటూ అటూ ఊగుతుంది.

మరి మోటారు వెంటనే ఎట్లా తిరుగుతున్నది? నీటితో నిండిన గొట్టానికి కుళాయి తిప్పగానే చివర ఉన్న నీరు వెంటనే బయటికి వస్తుంది గదా! అట్లే తీగ నిండా ఎలక్ట్రానులు ముందే ఉన్నవి. వాటిని కదిలించే విద్యుత్ క్షేత్రం కాంతివేగంతో పోల్చదగిన వేగంతో వ్యాపించి, అన్నింటినీ దాదాపు ఒకేసారి కదిలిస్తుంది.

ఇట్లు కదిలే ఎలక్ట్రానులను రాగి పరమాణువుల కంపనాలు మాటిమాటికీ దారి తప్పిస్తాయి. తీగ పొడవైతే ఆ అడ్డంకిని అంత దూరమూ ఎదుర్కోవాలి. లావైతే ఎలక్ట్రానులకు మార్గం విశాలమవుతుంది. అందువల్లనే R = ρL/A. రాగి విశిష్ట నిరోధం ρ విలువ 20 డిగ్రీల సెల్సియస్ వద్ద 1.72 × 10⁻⁸ ఓమ్-మీటరు. ఇక్కడ విద్యార్థులు తరచు పొరబడే విషయం ఒకటున్నది: ప్రవాహం పోవలెను, తిరిగి రావలెను, కనుక L నూరు కాదు, రెండు వందల మీటర్లు. అప్పుడు R సుమారు 1.38 ఓములు.

వేసవిలో ఎండకూ ప్రవాహానికీ తీగ 60 డిగ్రీలకు వేడెక్కిందనుకొందాము. పరమాణువుల కంపనాలు హెచ్చి, ఎలక్ట్రానులు తరచుగా దారి తప్పుతాయి. రాగి నిరోధం డిగ్రీకి దాదాపు 0.4 శాతం చొప్పున పెరుగుతుంది. 40 డిగ్రీలకు సుమారు 16 శాతం. అనగా నిరోధం 1.59 ఓములు. 10 ఆంపియర్లకు తీగలోనే సుమారు 16 వోల్టులు పోతాయి; మోటారుకు అందేది 214. ఈ మాత్రానికి మోటారు నడుస్తుంది.

చిక్కు వచ్చేది మోటారు బయలుదేరేటప్పుడు. ఆ క్షణాన అది మామూలుకన్న ఎన్నో రెట్లు ప్రవాహాన్ని లాగుతుంది. 40 ఆంపియర్లు అనుకొంటే తీగలో తగ్గేది సుమారు 64 వోల్టులు. మోటారుకు మిగిలేది 166 మాత్రమే. మోటారు తిప్పుడు బలం వోల్టేజి వర్గాన్ని అనుసరిస్తుంది కనుక అది దాదాపు సగానికి పడిపోతుంది. మోటారు కదలక హుమ్మని మూలుగుతుంది. అట్లే వదిలితే చుట్ట కాలిపోతుంది.

తప్పు తీగదేనని ఎట్లా తెలుసుకోవడం? మోటారు ఆగి ఉన్నప్పుడు కొలిస్తే బోరు వద్ద కూడా వోల్టు మీటరు నిండుగా 230 చూపిస్తుంది. ప్రవాహం లేనిదే తీగలో వోల్టేజి తగ్గదు. కనుక మోటారు నడుస్తుండగా స్తంభం వద్ద, బోరు వద్ద ఎలక్ట్రీషియను చేత కొలిపించి తేడా చూడవలెను. తేడా మన లెక్కకు దగ్గరగా ఉంటే తీగ సన్నమని అర్థం. లెక్కకు మించి ఉండి, ఒక అతుకు మాత్రమే కాలుతున్నదంటే లోపం ఆ అతుకులో ఉన్నది. తీగ మార్చినందువల్ల ప్రయోజనం లేదు.

తీగయే సన్నమైతే 4 చదరపు మిల్లీమీటర్ల తీగ వేయవచ్చును. అదే వేడిలో దాని నిరోధం సుమారు ఒక ఓము. బయలుదేరేటప్పుడు తగ్గేది 40 వోల్టులు. తిప్పుడు బలంలో మూడింట రెండు వంతులు దక్కుతుంది. ఆ లావు తీగలో ఎలక్ట్రానులు మునుపటికన్న ఇంకా మెల్లగా నడుస్తాయి. మోటారు మాత్రం తేలికగా బయలుదేరుతుంది.