లొంగని బీపీకి మూలం కిడ్నీ రక్తనాళంలో ఉంటే

62 ఏళ్ల కిరాణా వ్యాపారి ఒకాయన ఉన్నారనుకుందాం. ముప్ఫై ఏళ్లుగా సిగరెట్ అలవాటు, పదేళ్లుగా బీపీ. రోజుకో అమ్లోడిపిన్ మాత్రతో ఇన్నాళ్లూ అదుపులో ఉన్న బీపీ ఆరు నెలలుగా 170/100 దగ్గరే ఉండిపోయింది. డాక్టరు మూత్రం ఎక్కువ పోయేలా చేసే క్లోర్‌థాలిడోన్ చేర్చారు. అదీ చాలక టెల్మిసార్టాన్ రాశారు. రెండు వారాలు పోయాక చూస్తే బీపీ కాస్త దిగింది గానీ, రక్తంలో క్రియాటినిన్ 1.2 నుంచి 1.9కి పెరిగింది.

‘ఈ మందు పడలేదు’ అని టెల్మిసార్టాన్ ఆపేసి, ఇంకోటి రాసి పంపేయడం తేలిక. అలా చేస్తే మాత్రం అసలు జబ్బు ఆచూకీ చేతికి దొరికినట్టే దొరికి జారిపోతుంది. ఆయన కిడ్నీలకు రక్తం తీసుకెళ్లే ధమనులు సన్నబడి ఉండవచ్చని ఆ రిపోర్టు చెబుతోంది.

ధమని సన్నబడితే బీపీ పెరుగుతుందని 1934లోనే తేలింది. అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో హ్యారీ గోల్డ్‌బ్లాట్ అనే శాస్త్రవేత్త కుక్కల కిడ్నీ ధమనికి చిన్న వెండి బిగింపు వేసి, రక్తప్రవాహాన్ని కొంతమేర అడ్డుకున్నారు. వాటి బీపీ పెరిగింది. కిడ్నీకి తనలోకి వచ్చే రక్తం ఒత్తిడి మాత్రమే తెలుస్తుంది. అది తగ్గగానే ఒళ్లంతా బీపీ పడిపోయిందనుకుని రెనిన్ అనే పదార్థాన్ని వదులుతుంది. దాని వల్ల యాంజియోటెన్సిన్ తయారై శరీరమంతటా రక్తనాళాలను బిగిస్తుంది, ఉప్పునూ నీటినీ ఒంట్లో నిలబెడుతుంది. చేతికి పట్టీ కట్టి చూస్తే బీపీ 180 ఉన్నా, అడ్డంకికి అవతల ఉన్న కిడ్నీకి రక్తం చాలడం లేదు. అందుకే అది రెనిన్ వదలడం ఆపదు.

యాంజియోటెన్సిన్ ఇంకో పని కూడా చేస్తుంది. కిడ్నీలోని వడపోత గుత్తుల నుంచి రక్తం బయటికి వెళ్లే సన్నని నాళాన్ని బిగించి ఉంచుతుంది. లోపలికి వచ్చే రక్తం తగ్గినా వడపోతకు కావలసిన ఒత్తిడి ఆ బిగింపు వల్లే నిలుస్తుంది. టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటి మందులు దాన్ని వదులు చేస్తాయి. రెండు ధమనులూ సన్నబడిన మనిషిలో, లేదా ఒకే కిడ్నీ పనిచేస్తున్న మనిషిలో అప్పుడు వడపోత ఒక్కసారిగా తగ్గి క్రియాటినిన్ పెరుగుతుంది. ఈ మందులు మొదలుపెట్టిన కొత్తలో కొద్దిగా పెరగడం మామూలే, దానికి భయపడి సొంతంగా మాత్ర మానకూడదు. 30 శాతం దాటితే మాత్రం కారణం వెతకాలి. మన వ్యాపారిది 60 శాతానికి దగ్గరగా ఉంది.

అయితే స్కాన్‌కు పంపే ముందు, బీపీ నిజంగానే మందులకు లొంగడం లేదా అన్నది తేల్చుకోవాలి. మూత్రం పెంచే మందుతో కలిపి మూడు రకాలు సరైన మోతాదులో వాడుతున్నా దిగని బీపీనే లొంగని బీపీ అంటారు. లావు చేతికి చిన్న పట్టీ కట్టినా అంకె ఎక్కువే వస్తుంది. మాత్రలు రోజు విడిచి రోజు వేసుకునేవారుంటారు, మోకాళ్ల నొప్పులకు డైక్లోఫెనాక్ మింగుతూ ఆ సంగతి డాక్టరుకు చెప్పనివారుంటారు. ఇంట్లో వారంపాటు ఉదయం, సాయంత్రం చూసి రాసుకున్న అంకెలు ఇక్కడ ఎంతో ఉపయోగపడతాయి.

ఇవన్నీ సరిచూశాక మన వ్యాపారికి పొట్ట స్కాన్ చేస్తే కుడి కిడ్నీ పొడవు 10.4 సెంటీమీటర్లు, ఎడమది 7.4 ఉంది. రెండింటికీ ఒకటిన్నర సెంటీమీటర్లకు మించి తేడా ఉంటే చిన్నదానికి చాలాకాలంగా రక్తం అందడం లేదేమోనని అనుమానించాలి. ఆయన మరో సంగతి కూడా చెప్పారు. రెండు నెలల క్రితం అర్ధరాత్రి ఉన్నట్టుండి ఊపిరాడక ఆసుపత్రిలో చేరారు. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరిందన్నారు. ఎకో తీస్తే గుండె బాగానే కొట్టుకుంటోంది. రెండు కిడ్నీల ధమనులూ సన్నబడినవారిలో ఇలా జరుగుతుంది.

తర్వాతి మెట్టు డాప్లర్. దీనికి సూది మందు అక్కర్లేదు, కిడ్నీకి హాని లేదు. పేగుల్లో గాలి అడ్డురాకుండా పరగడుపున రమ్మంటారు. పొట్ట మీద జెల్ రాసి, ముందు బృహద్ధమనిలో రక్తం ఎంత వేగంగా పోతోందో చూస్తారు. ఆ తర్వాత ఊపిరి బిగబట్టమని, పక్కకు తిరగమని చెబుతూ ఒక్కో కిడ్నీ ధమనినీ మొదలు నుంచి చివరిదాకా వెతుకుతారు. తోటకు నీళ్లు పట్టే పైపు మూతిని వేలితో నొక్కితే ధార ఎలా దూసుకుపోతుందో, ధమని సన్నబడిన చోట రక్తం అలా పరుగెడుతుంది. ఆ వేగం సెకనుకు 200 సెంటీమీటర్లు దాటినా, బృహద్ధమనిలోని వేగానికి మూడున్నర రెట్లు మించినా గట్టి అడ్డంకి ఉన్నట్టు లెక్క. మన వ్యాపారికి బృహద్ధమనిలో 80, కుడి కిడ్నీ ధమని మొదట్లో 340 వచ్చాయి. అంటే నాలుగు రెట్ల పైమాటే. ఎడమ ధమని దాదాపు మూసుకుపోయింది.

డాప్లర్‌లో పరికరం కన్నా పట్టుకున్న చెయ్యి ముఖ్యం. పొట్ట లావుగా ఉంటే ధమని సరిగా కనిపించదు. కొందరికి ఒక్కో కిడ్నీకి రెండేసి ధమనులు ఉంటాయి, అప్పుడు చిన్నది తప్పిపోవచ్చు. అందుకే అనుమానం బలంగా ఉన్నప్పుడు డాప్లర్ బాగుందన్నా అక్కడితో ఆగకుండా సీటీ యాంజియో చేస్తారు. అందులో ఎక్కించే రంగు మందు దెబ్బతిన్న కిడ్నీకి భారం కావచ్చు కాబట్టి క్రియాటినిన్ చూసుకునే చేయాలి. ఆఖరి మాట మాత్రం ధమనిలోకి సన్నని గొట్టం పంపి తీసే యాంజియోగ్రామ్‌దే. అక్కడ అడ్డంకికి ముందూ వెనకా ఒత్తిడిని నేరుగా కొలవవచ్చు. తేడా 20 పాయింట్లు దాటితే ఆ అడ్డంకిని పట్టించుకోవాల్సిందే.

అడ్డంకి కనబడిందని ప్రతివారికీ స్టెంట్ వేయడం సరికాదు. వయసుతో పాటు కొవ్వు పేరుకుని సన్నబడిన ధమనుల విషయంలో 2009లో ఆస్ట్రాల్, 2014లో కోరల్ అనే రెండు పెద్ద అధ్యయనాలు వెలువడ్డాయి. మందులకు తోడు స్టెంట్ కూడా వేసినవారికి, మందులతోనే సరిపెట్టినవారికన్నా చెప్పుకోదగ్గ అదనపు మేలు కనిపించలేదు. కాబట్టి ఎక్కువమందికి బీపీ మందులు, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్, సిగరెట్ మానడం, ఇవే వైద్యం. మన వ్యాపారి కథ వేరు. పనిచేసే కిడ్నీ ఒక్కటే, దాని దారీ మూసుకుపోతోంది, ఊపిరితిత్తుల్లోకి ఒకసారి నీరు కూడా వచ్చింది. ఇలాంటివారికి కుడివైపు స్టెంట్ వేయడం న్యాయమే. కుంచించుకుపోయిన ఎడమ కిడ్నీ జోలికి పోవడం వల్ల ఒరిగేది తక్కువ. స్టెంట్ పడినా మాత్రలు పూర్తిగా ఆగిపోతాయని ఆశపడకూడదు, చాలామందికి కొన్ని కొనసాగుతూనే ఉంటాయి.

జబ్బు నయమయ్యే అవకాశం ఎక్కువగా ఉండేది చిన్న వయసువారిలో, అందుకే వారి గురించి ఎక్కువ ఆత్రపడాలి. 25 ఏళ్ల అమ్మాయికి బీపీ 170 ఉంటే అది ‘టెన్షన్’ అని సరిపెట్టకూడదు. ధమని గోడ కణజాలం అస్తవ్యస్తంగా పెరిగే ఫైబ్రోమస్కులర్ డిస్‌ప్లేసియా ఎక్కువగా ఆడవారిలోనే వస్తుంది. దానికి స్టెంట్ కూడా అక్కర్లేకుండా బెలూన్‌తో వెడల్పు చేస్తే, కొందరికి మాత్రల అవసరమే ఉండదు. మన దేశంలో చిన్న వయసువారికి మరో ముఖ్య కారణం టకయాసు జబ్బు. ఇందులో పెద్ద ధమనుల గోడలు వాచి సన్నబడతాయి. దాని ఆనవాలు పట్టడానికి తొలి పరీక్షకు ఖర్చే లేదు. రెండు చేతుల్లోనూ నాడి పట్టి చూడాలి, రెండు చేతులకూ బీపీ కొలవాలి. ఒక చేతిలో నాడి బలహీనంగా తగిలినా, పై అంకెల్లో పది పాయింట్లకు మించి తేడా మళ్లీ మళ్లీ వస్తున్నా, కిడ్నీ ధమనులతో పాటు మెడ, ఛాతీ ధమనులకు కూడా స్కాన్ తీయించాలి. వాపు చురుగ్గా ఉన్నప్పుడు బెలూన్ వేస్తే ధమని మళ్లీ సన్నబడే ప్రమాదం ఉంది కాబట్టి, ముందు స్టెరాయిడ్ల లాంటి మందులతో వాపు తగ్గించి, ఆ తర్వాతే ధమనిని వెడల్పు చేస్తారు.