కాకి కదలకముందే కెమెరా కదలాలి

దాహంతో ఉన్న కాకి కుండను చూసే సన్నివేశం. నిడివి 12 సెకన్లు. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన 288 ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేముల పాటు నిలిపినా 144 బొమ్మలు గీయాలి. అందుకే ముందుగా స్టోరీబోర్డు వేస్తారు.

మొదటి గడిలో లాంగ్ షాట్: ఎండిన చేను, చిన్న చుక్కలా కాకి. రెండో గడిలో మిడ్ షాట్: కుండ అంచున వాలిన కాకి. మూడోది క్లోజప్: అడుగున మెరిసే నీళ్లు. బొమ్మలు గీతల్లో ఉన్నా చాలు, అందం ఇక్కడ అనవసరం.

కెమెరా కదలికను మాత్రం కచ్చితంగా గుర్తించాలి. కాకి నుంచి కుండ వైపు కెమెరా పక్కకు జరగాలంటే, మొదలయ్యే చోటా ఆగే చోటా రెండు చట్రాలు గీసి మధ్య బాణం వేస్తారు. ఆ రెండు చట్రాలను కలిపినంత వెడల్పున నేపథ్యం వేయాలని చిత్రకారుడికి అప్పుడే తెలుస్తుంది. ఇది మరిచిపోతే కెమెరా జరిగేసరికి బొమ్మ అంచు బయటపడుతుంది.

తర్వాత గడులను వరుసగా పేర్చి, తాత్కాలిక శబ్దంతో వీడియోగా ఆడిస్తారు. దాన్నే యానిమాటిక్ అంటారు. మన సన్నివేశంలో లాంగ్ షాట్‌కు 6 సెకన్లు ఇచ్చామనుకుందాం. కాగితం మీద బాగానే ఉంటుంది, ఆడిస్తే చూసేవాళ్ల కళ్లు పక్కకు మళ్లుతాయి. 4 సెకన్లకు కుదించి, మిగిలిన 2 సెకన్లు నీళ్ల క్లోజప్‌కు ఇస్తే కాకి నిరాశ అందుతుంది. ఈ దశలో అది నిమిషం పని. యానిమేషన్ అయ్యాక కోస్తే 24 బొమ్మలు చెత్తబుట్టలోకే.