చూడ్డానికి ఒకటే డాంగిల్, లోపల రెండు రకాలు

2018లో వచ్చిన వన్‌ప్లస్ 6టీ పెట్టెలో ఫోనుతో పాటు ఒక పొట్టి వైరు ఉండేది. ఒక కొసన యూఎస్‌బీ-సీ పిన్ను, రెండో కొసన మామూలు ఇయర్‌ఫోన్లు పెట్టుకునే 3.5 ఎంఎం జాక్. ఫోన్లో జాక్ తీసేశారు కాబట్టి పాత ఇయర్‌ఫోన్లు వృథా కాకుండా కంపెనీ ఇచ్చిన డాంగిల్ అది. ఆ ఫోను వాడిన వాళ్లు గూగుల్ పిక్సెల్‌కి మారి, అదే డాంగిల్ పెడితే చెవిలో చడీచప్పుడూ ఉండదు. పాట ఫోను స్పీకర్లోంచే వస్తుంది. తెర మీద “Analog audio accessory detected” అనే హెచ్చరిక కనిపిస్తుంది.

డాంగిల్ పాడైందేమోనని అనుమానం వస్తుంది. కానీ డాంగిల్‌కీ ఏం కాలేదు, ఫోనుకీ ఏం కాలేదు. ఆ రెండింటికీ జత కుదరలేదు, అంతే.

ఫోన్లో పాట అంకెల రూపంలో ఉంటుంది. ఇయర్‌ఫోన్లకు అంకెలు పనికిరావు, ఎగుడుదిగుడుగా మారే కరెంటు కావాలి. అంకెలను అలాంటి కరెంటుగా మార్చే చిప్పును డీఏసీ అంటారు. అది ఎక్కడో ఒకచోట ఉండి తీరాలి. ఫోను లోపలి చిప్పే ఆ పని చేసి, తయారైన కరెంటును యూఎస్‌బీ-సీ పోర్టులోంచి బయటికి పంపితే డాంగిల్‌లో ఉత్త తీగలుంటే చాలు. ఇది మొదటి రకం, అనలాగ్ డాంగిల్. ఫోను అంకెలను మాత్రమే పంపితే, వాటిని మార్చే చిప్పు డాంగిల్‌లోనే ఉండాలి. అది రెండో రకం. ఆ బుల్లి చిప్పు పిన్ను వెనకున్న ప్లాస్టిక్ తొడుగులోనే ఇమిడిపోతుంది కాబట్టి, పైకి చూసి ఏది ఏదో చెప్పలేం.

ఫోను మాత్రం పెట్టగానే పసిగడుతుంది. యూఎస్‌బీ-సీలో ఏం తగిలించారో తెలుసుకోవడానికి సీసీ అనే రెండు పిన్నులున్నాయి. అనలాగ్ డాంగిల్ ఆ రెండింటినీ చిన్న రెసిస్టెన్స్‌తో గ్రౌండ్‌కు కలిపి ఉంచుతుంది. ఆ గుర్తు చూడగానే, సదుపాయం ఉన్న ఫోను మామూలుగా డేటా నడిచే రెండు తీగలను ఎడమ, కుడి చెవుల శబ్దానికి అప్పగిస్తుంది. ఇలా దారి మళ్లించాలంటే ఫోను లోపల ప్రత్యేకంగా స్విచ్చులు అమర్చి ఉండాలి. పిక్సెల్‌లో ఆ ఏర్పాటు లేదు. అందుకే గుర్తుపట్టి హెచ్చరించగలదు కానీ పాట వినిపించలేదు.

మరి ఏ ఫోనుకు ఏది? 2016 నాటి మోటో జెడ్, 2018 నాటి షావోమీ ఎంఐ ఏ2, హువావే పీ20 ప్రో అనలాగ్ డాంగిల్‌తో పనిచేస్తాయి. వన్‌ప్లస్ 6టీ రెండు రకాలనూ ఒప్పుకుంటుంది. 2017లో పిక్సెల్ 2తో మొదలుపెట్టి జాక్ లేని పిక్సెల్ ఫోన్లకు, 2019 నాటి గెలాక్సీ నోట్ 10 తర్వాత జాక్ లేకుండా వచ్చిన శాంసంగ్ ఖరీదైన ఫోన్లకు, 2023లో యూఎస్‌బీ-సీకి మారిన ఐఫోన్ 15కు చిప్పున్న డాంగిలే కావాలి.

ఇంట్లో ఉన్నది ఏ రకమో తేల్చుకోవడానికి యూఎస్‌బీ-సీ పోర్టున్న ల్యాప్‌టాప్ చాలు. డాంగిల్‌కు ఇయర్‌ఫోన్లు తగిలించి ల్యాప్‌టాప్‌కు పెట్టి, సౌండ్ సెట్టింగ్స్ తెరవాలి. ఇయర్‌ఫోన్లు ముందే తగిలించడం ఎందుకంటే, యాపిల్ డాంగిల్ లాంటివి ఖాళీగా ఉంటే కనిపించవు. అవుట్‌పుట్ జాబితాలో కొత్త పరికరం పేరు వస్తే లోపల చిప్పున్నట్టు. ఏమీ రాకపోతే అది అనలాగ్ రకం అయ్యే అవకాశమే ఎక్కువ.

కొత్తగా కొనేవాళ్లు పెట్టె మీద డీఏసీ అని రాసి ఉందో లేదో చూడాలి. అది లేకుండా “అన్ని టైప్-సీ ఫోన్లకూ” అని రాసినంత మాత్రాన నమ్మకూడదు. చిప్పున్న డాంగిల్ పాత ఫోన్లలోనూ చాలావరకు పనిచేస్తుంది కాబట్టి, ఏ రకమో తెలియనప్పుడు అదే మేలు. చిప్పుకు కరెంటు ఫోను నుంచే అందాలి, అందువల్ల బ్యాటరీ కాస్త ఎక్కువ ఖర్చవుతుంది.

సరైన రకం కొన్నా రెండు చిక్కులు ఎదురుకావచ్చు. కొన్ని ఫోన్లలో సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఓటీజీ ఆన్ చేస్తేనే డాంగిల్‌కు కరెంటు అందుతుంది. కాసేపు వాడకపోతే ఆ ఓటీజీ దానంతటదే ఆగిపోతుంది కూడా. నిన్న పాడిన డాంగిల్ ఇవాళ మూగబోతే ముందు చూడాల్సింది ఆ స్విచ్చునే. రెండోది, యాపిల్ డాంగిల్ చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో శబ్దం బాగా తగ్గించి ఇస్తుంది. డాంగిల్ లోపల వాల్యూమ్‌కు వేరే నియంత్రణ ఉంటుంది, దాన్ని ఆ ఫోన్లు పూర్తిగా పెంచవు. అదే డాంగిల్ ఐఫోన్ 15కు పెడితే శబ్దం నిండుగా వినిపిస్తుంది.