తాళంచెవి ఎవరి చేతికి?

మా కారుకు యిప్పుడు పదకొండేళ్ళు. నేను కొన్నప్పటికే దానికి అయిదేళ్ళు నిండాయి. చిన్న కారు; నలుగురం ఎక్కితే అయిదవ వారికి చోటుండదు. ఆఫీసుకు నేను సైకిలు మీదనో స్కూటరు మీదనో పోతాను గనుక వారంలో అయిదు రోజులు అది బరంపురంలోని మా యింటి ముందు గొడుగు పట్టినట్టు వేపచెట్టు క్రింద నిలబడి వుంటుంది. అలా నిలబడి వున్న కారు పదిహేడేళ్ళ పిల్లకు ఎంత పెద్ద ఆశో, యింట్లో పిల్లలున్న వారికి నేను చెప్పనక్కర లేదు.

మా పెద్దమ్మాయి ప్లస్ టూ చదివే రోజుల్లోనే "నాన్నా, ఒక్కసారి మైదానంలో తిప్పుతాను" అని మొదలుపెట్టింది. మైదానం రోడ్డు కాదు గదా అని నేనూ మెత్తబడ్డాను. కాని ఆఫీసు గుమాస్తాకు కాగితం చూడందే నిద్ర పట్టదు. మోటారు వాహనాల చట్టం తీసి చూస్తే, ప్రజలు వచ్చి పోయే హక్కున్న చోటు ఏదైనా చట్టం దృష్టిలో బహిరంగ స్థలమే. అది బాట కానక్కర లేదు. మేకలు మేసే, పిల్లలు బంతి ఆడే మైదానం కూడా దానిలోకే వస్తుంది. కారు నడపడానికి పద్ధెనిమిది నిండాలి. 2019 సవరణతో చేరిన 199ఎ సెక్షను యింకా గట్టిది. మైనరు నడుపుతూ నేరం జరిగితే దోషం తండ్రిదీ, బండి యజమానిదీ అవుతుంది. మూడేళ్ళ దాకా జైలు, యిరవై అయిదు వేల జుర్మానా, బండి రిజిస్ట్రేషను ఏడాది రద్దు. ఆ పిల్లకు యిరవై అయిదేళ్ళు వచ్చేదాకా లైసెన్సు రాదు. యీ చివరి మాట చదివి వినిపించాక మా అమ్మాయి మళ్ళీ మైదానం ఊసెత్తలేదు. నాన్న జైలుకు పోవడం కంటె తనకు లైసెన్సు రాకపోవడమే దానికి పెద్ద సంగతిగా తోచింది కాబోలు!

పద్ధెనిమిది నిండిన నెలలోనే లెర్నరు లైసెన్సు వచ్చింది. అది ఆరు నెలలు చెల్లుతుంది. వచ్చిన ముప్ఫై రోజులకు గాని పక్కా లైసెన్సు పరీక్షకు పోవడానికి వీల్లేదు. యీ మధ్యకాలమే నేర్చుకునే కాలం. అప్పుడు బండికి ముందూ వెనుకా తెల్ల పలక మీద ఎర్ర 'ఎల్' వుండాలి. ప్రక్కన లైసెన్సు వున్న మనిషి, బండిని అదుపు చేయడానికో ఆపడానికో వీలైన చోట కూర్చుని వుండాలి.

'ఆపడానికి వీలైన చోట' అన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగాను. ఎడమ సీటులో కూర్చున్న తండ్రి చేతిలో ఏముంది? డ్రైవింగు స్కూలు కారులో గురువు కాళ్ళ దగ్గర కూడా క్లచ్చీ బ్రేకూ వుంటాయి. మన కారులో వుండేది మధ్యనున్న హ్యాండు బ్రేకు ఒక్కటే. అది వెనుక చక్రాలనే పట్టుకుంటుంది. మెల్లగా పోతున్నప్పుడు లాగితే బండి ఆగుతుంది గాని, వేగంలో గట్టిగా లాగితే వెనుక చక్రాలు బిగుసుకుని బండి అడ్డం తిరుగుతుంది. అంటే యింటి కారులో నేర్పే తండ్రి బలం, బండి నడక వేగంలో వున్నంత వరకే. అందుచేత మొదటి పది రోజులు స్కూలుకే పంపాను. ఆ తర్వాత కూడా రెండు వారాల పాటు గంటకు యిరవై కిలోమీటర్లు దాటనివ్వలేదు.

స్కూలు వారు స్టీరింగు బాగా నేర్పారు, క్లచ్చి నేర్పలేదు. గురువు కాలు క్రింద కూడా పెడలు వుంటే పిల్లలకు తెలియకుండానే సగం పని ఆయన చేసేస్తాడు. మా కారులో కూర్చున్న మొదటి ఉదయం మా అమ్మాయి ఎనిమిదిసార్లు ఇంజను ఆపేసింది. తొమ్మిదవసారి ఏడుపు మొహం పెట్టింది. అప్పుడు యాక్సిలరేటరు మీదనుంచి కాలు పూర్తిగా తీసేయమన్నాను. చదునైన చోట, మొదటి గేరులో, క్లచ్చి ఒక్కటే వెంట్రుకవాసి చొప్పున వదలమన్నాను. ఒక చోటికి వచ్చేసరికి ఇంజను గొంతు కొంచెం బొంగురుపోతుంది, బండి ముక్కు కాస్త లేస్తుంది. అక్కడ కాలు ఆపితే బండి తనంతట తానే ప్రాకుతుంది. ఆ చోటు కాలికి తెలిసేదాకా, మూడు ఉదయాలు, యింకే పనీ చేయించలేదు. నాలుగవ రోజునుంచి ఇంజను ఆగడం దాదాపు మానేసింది.

రెండవ చిక్కు ఎడమ ప్రక్క. కుడివైపు కూర్చున్న కొత్తవారికి కారు ఎడమ అంచు ఎక్కడుందో తెలియదు. ఎదురుగా లారీ వస్తే భయపడి ఎడమకు జరుగుతారు. అక్కడ సైకిలువాడో, మూతలేని కాలువో వుంటుంది. మా వీధిలో కాలువ వున్నదే ఆ ప్రక్క. దీనికి నేను కనిపెట్టిన వైద్యం ఏమంటే, నీళ్ళు నింపిన ప్లాస్టిక్కు సీసాలు నాలుగు వరుసగా పెట్టి, వాటికి జానెడు దూరంలో ఎడమ చక్రాలు పోయేలా నడపమనడం. మొదటి రోజు మూడు సీసాలు పచ్చడయ్యాయి. వారానికి ఒక్కటీ పడలేదు. అద్దం కూడా ఒకటి అదనంగా, నా ప్రక్కకు, చిన్నది అంటించుకున్నాను. వెనుక ఏం వస్తున్నదో నేర్పేవాడికి తెలియాలి గదా.

ఇంతవరకు బాగానే వుంది. ఇరవై నాలుగవ రోజున ఆపద వచ్చింది.

ఆ సాయంత్రం హఠాత్తుగా వాన. మా అమ్మ గుడిలో చిక్కుకుపోయింది. నేను ఆఫీసులో వున్నాను. మా అమ్మాయి తాళంచెవి తీసుకుని ఒంటరిగా వెళ్ళి నాయనమ్మను వెనుక సీటులో కూర్చోబెట్టుకుని తీసుకువచ్చింది. వీధి మొదట్లో రిక్షా అడ్డం వుంటే, వెనక్కు తీసి త్రిప్పబోయి ప్రక్కింటి ఒడియా మాస్టారి గేటు స్తంభాన్ని తాకించింది. మరునాడు ఉదయం వెనుక బంపరు మీద ఇటుక ఎరుపు చూసి "ఏమిటిది?" అన్నాను. మా అమ్మ వెంటనే, "ఆవు గుద్దిందిరా" అన్నది. బంపరు పగిలేలా గుద్ది స్తంభం రంగు అంటించే ఆవును నేనెక్కడా చూడలేదు. మా ఆవిడ వంటింటిలోంచి బయటకు రాలేదు. అప్పుడు అమ్మాయే వచ్చి, "ఆవు కాదు నాన్నా, నేనే" అని జరిగినదంతా చెప్పింది.

కోపం రాలేదని చెప్పను. నిన్న ఎందుకు చెప్పలేదని అరిచాను. అది తలవంచుకుని ఒక్క మాట అన్నది: "మొన్న పాలకు నువ్వే ఒక్కదాన్నే పంపావు గదా నాన్నా." నిజమే. మూడు రోజుల క్రితం, ఆదివారం ఉదయం, పేపరు వదలడం బద్ధకమై, మూలమీది కొట్టుకే గదా అని కారిచ్చి నేనే పంపాను. ప్రక్కన నేను లేకుండా బండి తీయవద్దన్న నియమం నాది. దాన్ని మొదట మీరినదీ నేనే. మూలదాకా పనికివచ్చిన చదువు గుడిదాకా ఎందుకు పనికిరాదని ఆ పిల్ల అనుకుంటే తప్పు ఎవరిది?

బంపరు బాగుకు కొటేషను అయిదు వేలు వచ్చింది. సామానుకు 3,600, కూలికి 1,400. బీమా కాగితాలు చూసే పరిచయస్థుడు ఒకాయన, "క్లెయిము ఫారంలో మీరే నడిపారని వ్రాసేయండి, ఎవరు చూడవచ్చారు" అన్నాడు. మా అమ్మాయి అక్కడే నిలబడి వింటున్నది. నిన్న 'ఆవు' అన్నందుకు దాని ఎదుట అంత అరిచిన వాడిని, యీ రోజు 'నేను' అని ఎలా వ్రాసేది? వద్దన్నాను. సత్యం వ్రాస్తే సొమ్ము రాదని కూడా నాకు తెలుసు. పాలసీలో డ్రైవరు గురించిన క్లాజు ఒకటి వుంటుంది. మన దేశంలో బీమా బండికే గనుక, యింట్లో పిల్లల పేరు చేర్చనక్కర లేదు. సరైన లైసెన్సు వున్న వారెవరు నడిపినా చెల్లుతుంది, లెర్నరు నడిపినా చెల్లుతుంది. అయితే లెర్నరు నడిపినప్పుడు యిందాక చెప్పిన ఎల్ పలకా, ప్రక్క మనిషీ నియమం పాటించి వుండాలి. మా అమ్మాయి ప్రక్కన ఎవరూ లేరు. వెనుక సీటులో నాయనమ్మ వుంది గాని ఆవిడకు లైసెన్సు లేదు!

ఆ రాత్రి కుతూహలం కొద్దీ అమ్మాయినే కాగితం పెన్సిలు తెమ్మని, క్లెయిము న్యాయంగా చెల్లే సందర్భమైనా ఏం మిగిలేదో లెక్క వేయించాను. ప్లాస్టిక్కు సామానుకు తరుగుదల సగం పోతుంది గనుక 1,800 వస్తుంది. కూలి 1,400 కలిపితే 3,200. అందులో మనం తప్పనిసరిగా భరించవలసిన వెయ్యి తీసేస్తే 2,200. ఇక రెండవ ప్రక్క చూడండి. మూడేళ్ళు క్లెయిము చేయనందుకు నాకు సొంత నష్టం ప్రీమియంలో నూటికి 35 బోనసు నడుస్తున్నది. ఈ ఏడూ గడిస్తే 45, ఆపై 50. క్లెయిము చేస్తే సున్నకు పడి, మరుసటేడు 20తో మళ్ళీ మొదలు. ప్రీమియం నాలుగు వేలు అనుకుంటే మొదటి ఏడు 1,800, రెండవ ఏడు 1,200, మొత్తం మూడు వేలు పోతాయి. రెండు వేల రెండు వందల కోసం మూడు వేలు! "అబద్ధం ఆడినా నష్టమే నాన్నా" అని అది నవ్వింది. గేటు బాగుకు మాస్టారికి పదిహేను వందలు ఇచ్చాం. డబ్బు అమ్మాయే పట్టుకువెళ్ళి, ఒడియాలో తానే క్షమాపణ చెప్పుకుని వచ్చింది.

కాని అదే స్తంభం బదులు మనిషి అయి వుంటే? ఇలా షరతు మీరిన కేసుల్లో, కోర్టులు కంపెనీ చేత ముందు బాధితుడికి చెల్లింపజేసి, ఆ సొమ్ము తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోమనడం పరిపాటి. గుమాస్తా జీతం దానికి చాలదు. ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. పాలసీలో కట్టే పదిహేను లక్షల ప్రమాద బీమా యజమాని నడిపినప్పుడు యజమానికే. నా కారు నడుపుతూ తన తప్పువల్ల మా అమ్మాయికి దెబ్బ తగిలితే ఆ పదిహేను లక్షలు దానికి రావు. ఎదుటివారి కోసం వుద్దేశించిన బీమా క్రింద అడగడానికీ వీల్లేదు. ఎరువు తెచ్చుకున్న బండి నడిపేవారు యజమాని స్థానంలోనే వుంటారని సుప్రీంకోర్టు 2009లో నింగమ్మ కేసులో చెప్పింది. అందుచేత దాని పేర విడిగా ఒక వ్యక్తిగత ప్రమాద పాలసీ తీసుకున్నాను.

తర్వాత నియమాలు మళ్ళీ వ్రాశాం. ఈసారి అది వ్రాసింది, నేను సంతకం పెట్టాను. తాళంచెవి దేవుడి గూటి ప్రక్కన మేకుకు వుంటుంది. తీసేవారెవరైనా, నాతో సహా, చెప్పి తీయాలి. స్నేహితురాళ్ళు ఎంత బతిమాలినా చక్రం వారి చేతికి పోకూడదు, ఎందుకంటే లైసెన్సు లేనివారికి బండి ఇచ్చిన తప్పు యజమానిది. నడిపేటప్పుడు ఫోను వెనుక సీటులోని సంచిలో. గీత పడ్డా గుంట పడ్డా ఆ రాత్రి భోజనానికి ముందే చెప్పాలి. చెప్పినందుకు అరుపులు వుండవు. ఈ చివరిది రెండు పక్షాలకూ కష్టమైనదే.

పక్కా లైసెన్సు వచ్చి నాలుగు నెలలయింది. పోయిన వారం రాత్రి కంచం ముందు కూర్చోబోతుంటే, "నాన్నా, కుడి తలుపు మీద జానెడు గీత. కూరగాయల బండి" అన్నది. గొంతుదాకా వచ్చిన మాటను మజ్జిగతో మింగాను. మా అమ్మ మాత్రం, "ఈసారి నేను లేను సుమా" అని ముందే చెప్పుకుంది.